సీసాలో కలబంద ఎంత?

ఎండకు కందిన చర్మానికి కలబంద గుజ్జు రాయడం మనకు కొత్త కాదు. ఇప్పుడు పెరట్లోని మట్ట స్థానంలో ఆకుపచ్చ సీసా వచ్చింది. ఆ సీసాలో ఏముందో ఎలా తెలుసుకోవాలి? గుజ్జు ఎంతవరకు పనిచేస్తుంది? ఎప్పుడు దాన్ని దూరంగా పెట్టాలి?

కిందటి ఏప్రిల్లో చెల్లెలి కొడుకును తీసుకుని సూర్యలంక వెళ్లాను. పద్నాలుగేళ్ల కుర్రాడు. పదకొండు గంటలకు నీళ్లలోకి దిగినవాడు రెండు దాటాక గానీ ఒడ్డుకు రాలేదు. అలల్లో ఉన్నంతసేపూ ఒళ్లు చల్లగానే ఉంటుంది కాబట్టి ఎండ తగులుతోందని వాడికి తెలియలేదు. సాయంత్రం బాపట్లలో అమ్మ ఇంటికి చేరేసరికి భుజాల మీద చొక్కా ఆననివ్వడం లేదు. చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది.

దారిలో కొన్న కలబంద జెల్ సంచిలో ఉంది. ముదురు ఆకుపచ్చ రంగు, మంచి సువాసన, సీసా మీద పెద్ద అక్షరాలతో ‘99 శాతం స్వచ్ఛం’. వాడి భుజానికి రాశాను.

“పెద్దమ్మా, మంట ఇంకా ఎక్కువైంది!” అని వాడు ఎగిరి గంతేశాడు.

అమ్మ ఆ సీసా అందుకుని వాసన చూసి పక్కన పెట్టింది. “ముందు వాణ్ణి నీళ్ల కింద నిలబెట్టు. గుమ్మానికి కట్టింది కాదు, కుండీలోది ఓ మట్ట కోసుకొస్తా” అంటూ పెరట్లోకి వెళ్లింది.

ఒకే మొక్క పేరు చెప్పుకునే రెండింటిలో ఒకటి మండించింది, రెండోది చల్లబరిచింది. ఎందుకలా జరిగిందని వెతుకుతూ వెళితే తెలిసిన సంగతులే ఈ కథనం.

కందిన చర్మంలో జరిగేది

ఎండ వేడి వేరు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు వేరు. చర్మాన్ని కందించేవి ప్రధానంగా ఆ కిరణాల్లోని ‘బి’ రకం. అవి పైపొర కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీస్తాయి. దానికి స్పందనగా ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలై రక్తనాళాలు వెడల్పవుతాయి. వేడి, ఎరుపు, నొప్పి దానివల్ల వచ్చేవే. ఇదంతా వెంటనే జరగదు. ఎండలో నిలబడ్డ మూడు నాలుగు గంటలకు మొదలై, దాదాపు ఒక రోజుకు ఎక్కువ స్థాయికి చేరుతుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు పొర ఊడుతుంది.

మన చామనఛాయ మీద ఎరుపు అంత స్పష్టంగా కనిపించదు. అందుకే ‘నల్లబడ్డాడు, అంతే’ అని వదిలేస్తాం. రంగును కాదు, స్పర్శను నమ్ముకోవాలి. వేడిగా ఉందా, తాకితే నొప్పి పుడుతోందా, చర్మం లాగినట్టుగా ఉందా అన్నవే గుర్తులు.

ఏ గుజ్జూ జరిగిపోయిన డీఎన్ఏ నష్టాన్ని వెనక్కి తిప్పలేదు. ఆ పని శరీరమే చేసుకోవాలి. అది జరిగేలోపు మంటను, బిగుతును తగ్గించడం వరకే పైపూతల పని.

గుజ్జు బలమంతా నీళ్లే

దిష్టి తగలకుండా మన గుమ్మాలకు కలబందను తలకిందులుగా వేలాడదీస్తాం. మట్టి లేదు, నీళ్లు పోసేవాళ్లు లేరు. అయినా నెలల తరబడి అది పచ్చగానే ఉంటుంది. వీలు చిక్కితే కొత్త ఆకు కూడా వేస్తుంది. మట్ట లోపల దాచుకున్న నీళ్లతోనే అది బతుకుతుంది. తెల్లని గుజ్జులో దాదాపు 99 శాతం నీళ్లే. మిగిలిన ఆ ఒక్క శాతం లోపు పదార్థంలో ఎసిమానన్ అనే పొడవాటి చక్కెర గొలుసులు, మాలిక్ ఆమ్లం, కొద్దిగా గ్లూకోజ్, ఖనిజ లవణాలు ఉంటాయి. ఆ గొలుసులే నీటిని పట్టి ఉంచి జిగురుగా మారుస్తాయి.

ఒంటి మీద మామూలు నీళ్లు చల్లితే జారిపోతాయి, లేదా చిటికెలో ఆరిపోతాయి. గుజ్జులోని నీళ్లు చర్మాన్ని పట్టుకుని ఉండి నెమ్మదిగా ఆవిరవుతాయి. ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి. మనకు తెలిసే చల్లదనంలో ఎక్కువ భాగం ఇదే.

మంటను లోపలి నుంచి కూడా తగ్గిస్తుందా అన్నదానికి పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. 2005లో థాయిలాండ్ వైద్యపత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 70 శాతం కలబంద ఉన్న క్రీమును 20 మంది మీద పరీక్షించారు. ఎండకు కందకుండా ఆపడంలో గానీ, కందాక తగ్గించడంలో గానీ అది ఉత్తుత్తి క్రీము కంటే మెరుగ్గా కనిపించలేదు. 2008లో జర్మనీలో 40 మంది మీద చేసిన పరీక్షలో 97.5 శాతం కలబంద ఉన్న జెల్‌ను రాస్తే 48 గంటలకు ఎరుపు కొంత తగ్గింది. కానీ ఒక శాతం హైడ్రోకార్టిజోన్ క్రీము దానికంటే బాగా పనిచేసింది. ఈ రెండూ చిన్న అధ్యయనాలే. వాటిని కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇంతే: తేలికగా కందిన చర్మానికి కలబంద హాయినిస్తుంది, దాన్ని మందుగా నమ్ముకోకూడదు.

ఆ హాయి పూర్తిగా దక్కాలంటే వరస ముఖ్యం. ఆ సాయంత్రం అమ్మ చేసింది సరిగ్గా అదే. మొదట నీడ. తర్వాత పది పదిహేను నిమిషాలు చల్లని నీళ్లు. ఐసు నేరుగా ఆనించకూడదు, కందిన చర్మాన్ని అది మరింత దెబ్బతీస్తుంది. తువాలుతో రుద్దకుండా అద్ది, కాస్త తడి ఉండగానే గుజ్జును పలచగా పూయాలి. రోజుకు మూడు నాలుగు సార్లు చాలు. గుజ్జు ఆరాక పలచని పొరలా బిగుసుకుని చర్మాన్ని లాగుతుంది. అలా అనిపిస్తే నీళ్లతో తుడిచి, మళ్లీ గుజ్జు రాసి, పైన సువాసన లేని మామూలు మాయిశ్చరైజర్ పూయవచ్చు. మొదటి రోజు చిక్కటి నూనెలు, వెన్నలు వద్దు. ఒంట్లోని వేడి బయటికి పోకుండా అవి అడ్డుపడతాయి. నిమ్మరసం అసలు వద్దు. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే అదే బొబ్బలు లేపుతుంది. పొర ఊడేదాకా నలుగు కూడా పెట్టకూడదు. నీళ్లు, మజ్జిగ ఎక్కువగా తాగించాలి.

మట్ట కోస్తే మొదట కారేది

అమ్మ మట్ట తెచ్చి వెంటనే చీల్చలేదు. కోసిన వైపు కిందికి ఉండేలా గిన్నెలో నిలబెట్టి, పావుగంట వదిలేసింది. గిన్నె అడుగున పసుపు రంగు రసం దిగింది.

“ఇది ఒంటికి తగిలితే దురద పుడుతుందమ్మా. ఎండబెడితే మూసాంబరం అయ్యేది ఇదే” అంది.

పచ్చని తొక్కకు, లోపలి గుజ్జుకు మధ్య సన్నని గొట్టాల్లో ఉండే చేదు పాలు అవి. వాటిలో అలోయిన్ వంటి ఆంత్రాక్వినోన్లు ఉంటాయి. తాగితే విరేచనాలు, కొందరికి ఒంటి మీద దద్దుర్లు. ఇంట్లో కోసిన కలబంద ‘పడలేదు’ అన్న చాలాసార్లు తప్పు గుజ్జుది కాదు, కడగకుండా వదిలేసిన ఈ రసానిది. సౌందర్య సాధనాల్లో వాడే కలబందలో ఈ ఆంత్రాక్వినోన్లు పది లక్షల పాళ్లలో 50 పాళ్లు మించకూడదని అమెరికాలోని సౌందర్య పదార్థాల భద్రతా నిపుణుల సంఘం 2007లో సూచించింది.

రసం కారాక మట్టను కడిగి, రెండు అంచుల ముళ్లు చెక్కి, పైతొక్క తీసి, బయటపడ్డ గుజ్జును మళ్లీ ఒకసారి కడగాలి. గుజ్జు అద్దంలా తేటగా ఉండాలి. పచ్చదనం గానీ పసుపు చార గానీ ఉంటే ఆ ముక్కను తీసేయాలి. మిగిలింది ఫ్రిజ్‌లో మూత పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. రంగు మారినా పులిసిన వాసన వచ్చినా పారేయాలి. గుజ్జులో క్రిములను ఆపే పదార్థమేదీ కలపలేదని గుర్తుంచుకోవాలి.

మొక్కను పోల్చుకోవడంలోనూ జాగ్రత్త ఉండాలి. రైలు కట్టల పక్కన, పొలం గట్ల మీద పెరిగే కిత్తనార దూరం నుంచి కలబందలాగే ఉంటుంది. దాని ఆకు కొనకు గట్టి ముల్లు ఉంటుంది, విరిస్తే నార తేలుతుంది. దాని రసంలోని సూదుల్లాంటి స్ఫటికాలు చర్మాన్ని పొక్కిస్తాయి. కలబంద మట్ట ముళ్లు మెత్తగా ఉంటాయి, విరిస్తే జిగురు సాగుతుంది.

‘99 శాతం’ వెనక లెక్క

ఇక నా సంచిలోని సీసా దగ్గరికి వద్దాం. అసలు గుజ్జుకు రంగు లేదు. సువాసన లేదు. కోసి పెడితే కొద్దిసేపటికే పలచబడి నీరవుతుంది. అలాంటిది సీసాలో ఏడాది పాటు ముద్దలా, పచ్చగా, పరిమళంగా ఎలా ఉంటుంది? ఉండదు. అలా ఉండేలా చేస్తారు. చిక్కదనానికి కార్బోమర్ లేదా జాంథన్ గమ్, పాడవకుండా ఫినాక్సీఇథనాల్ లేదా సోడియం బెంజోయేట్, రంగుకు సీఐ అనే అక్షరాలతో మొదలయ్యే అంకెల పేరున్న రంగులు, వాసనకు పర్ఫ్యూమ్. వీటిలో మొదటి రెండు రకాలు అవసరమైనవే. నీళ్లు నిండిన ఏ సీసాలోనైనా నిల్వ పదార్థం లేకపోతే బూజు పెరుగుతుంది. ‘ఏమీ కలపలేదు’ అని రాసి, బీరువాలో నెలల తరబడి ఉండే సీసానే ఎక్కువగా అనుమానించాలి.

శాతం లెక్క ఎలా వస్తుందో చూడండి. కర్మాగారాలు చాలావరకు గుజ్జును ఎండబెట్టిన పొడిగా కొంటాయి. వ్యాపార భాషలో అది ‘టూ హండ్రెడ్ టు వన్’ పొడి. ఒక గ్రాము పొడిని 199 గ్రాముల నీళ్లలో కలిపితే 200 గ్రాముల కలబంద రసమైనట్టు లెక్క. ఇందులో మోసం లేదు. మొక్కలోనూ ఘనపదార్థం దాదాపు అంతే ఉంటుంది. అంటే 200 గ్రాముల సీసా మీద 99 శాతం అని రాయడానికి లోపల ఒక్క గ్రాము పొడి ఉంటే చాలు.

చిక్కంతా ఆ ఒక్క గ్రాము దగ్గరే. పొడి చేసేటప్పుడు ఆధారంగా మొక్కజొన్న పిండి నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ కలపడం మామూలు. అది చౌక. ఎంత కలిపారో పొడి రంగు చూసి చెప్పలేం. గ్రాములో సగం అదే అయినా సీసా మీది శాతం మారదు.

దీని మీద అమెరికాలో పెద్ద వివాదమే నడిచింది. 2016 నవంబరులో బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ పెద్ద దుకాణాల సొంత పేర్లతో అమ్మే కలబంద జెల్‌లను ప్రయోగశాలలో పరీక్ష చేయించింది. మూడింటిలో ఎసిమానన్, మాలిక్ ఆమ్లం, గ్లూకోజ్ అనే మూడు గుర్తులూ కనిపించలేదు. మాల్టోడెక్స్‌ట్రిన్ కనిపించింది. అమ్మేవాళ్లు, తయారు చేసేవాళ్లు ఆ పరీక్ష పద్ధతినే తప్పుపట్టారు. కొనుగోలుదారులు కోర్టుకెక్కారు. చివరికి 2020లో షికాగోలోని ఫెడరల్ అప్పీలు కోర్టు అమ్మకందార్ల వైపే తీర్పు చెప్పింది. ఆ జెల్‌లు కలబంద నుంచే తయారయ్యాయని, మిగతా పదార్థాల పేర్లు సీసా వెనక రాసే ఉన్నాయని, కలబంద అని పిలవడానికి ఇంత ఎసిమానన్ ఉండి తీరాలన్న ఆధారం లేదని తేల్చింది.

ఆ తీర్పు నుంచి మనం గ్రహించాల్సింది ఒకటుంది. సీసా ముందు రాసే ‘స్వచ్ఛం’ అనే మాటకు కొలత లేదు. కొలత ఉన్నది వెనక ఉండే చిన్న అక్షరాలకే.

వెనక అక్షరాలు చదవడం

మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం, ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాయవచ్చు. ఫినాక్సీఇథనాల్‌ను ఒక శాతం మించి వాడకూడదు కాబట్టి, దాని తర్వాత వచ్చే పేర్లన్నీ ఒక శాతం లోపువే అనుకోవచ్చు.

కలబంద పేరు ‘అలో బార్బడెన్సిస్’ అని ఉంటుంది. దాని పక్కన ఏ మాట ఉందో చూడాలి. ‘లీఫ్ జ్యూస్’ అని వరసలో మొదట ఉంటే మంచిదే. ‘లీఫ్ జ్యూస్ పౌడర్’ అని ఉంటే అది చివర్లో ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు, ఎందుకంటే పూర్తి బలానికి అర శాతం పొడి సరిపోతుంది. ‘లీఫ్ ఎక్స్‌ట్రాక్ట్’ అని పర్ఫ్యూమ్ తర్వాత ఎక్కడో ఉంటే మాత్రం చాలాసార్లు అది పేరుకు కలిపినదే. ఆయుర్వేద లైసెన్సు ఉన్న సీసాల మీద కలబంద ‘కుమారి’ పేరుతో కనిపిస్తుంది. ఎదురుగా గ్రాముల్లో అంకె ఉందేమో చూడండి. అంకెకు బదులు ‘తగినంత’ అని అర్థమిచ్చే ‘క్యూ.ఎస్.’ ఉంటే ఎంత ఉందో మీకు చెప్పనట్టే. అంతర్జాతీయ కలబంద విజ్ఞాన మండలి ముద్ర ఉంటే కాస్త భరోసా. పదార్థాన్ని ప్రయోగశాలలో పరీక్షించాకే ఆ ముద్ర ఇస్తారు.

ఇంట్లో చేసే పరీక్షల్లో ఒకటి నాకు బాగా పనికొచ్చింది. చెంచాడు జెల్ మీద చిటికెడు ఉప్పు చల్లి కలిపాను. ముద్దలా ఉన్నది క్షణాల్లో నీళ్లయింది. కార్బోమర్‌తో కట్టిన చిక్కదనం ఉప్పు తగిలితే కూలిపోతుంది. అంటే ఆ చిక్కదనం కలబందది కాదు, కార్బోమర్‌ది అని తెలిసింది. అంతవరకే. లోపల కలబంద లేదని ఈ పరీక్ష చెప్పదు. ఎసిమానన్ ఉందో లేదో తేల్చేది ప్రయోగశాల మాత్రమే.

మరి మా అబ్బాయికి మంట ఎందుకు పుట్టింది? సీసా వెనక మూడో పేరు ‘ఆల్కహాల్ డీనాట్’. ఆ తర్వాత మెంథాల్, పర్ఫ్యూమ్, రెండు రంగులు. మామూలు చర్మానికి ఇవి పెద్దగా తెలియవు. కందిన చర్మం అలా కాదు. ఆల్కహాల్ దాన్ని ఆరబెట్టి మండిస్తుంది, సువాసనలు దురద పుట్టిస్తాయి. నొప్పి తగ్గిస్తాయని బెంజోకెయిన్ కలిపిన జెల్‌లు కూడా కొందరికి పడవు. అందుకే కందిన ఒంటికి సీసా ఎంచుకునేటప్పుడు నేనిప్పుడు కలబంద ఎంత ఉందని కాదు, కలబందతో పాటు ఏమేం ఉన్నాయని మొదట చూస్తున్నాను. పేర్లు తక్కువగా ఉండి, ఆల్కహాల్, సువాసన, రంగు లేనిదైతే తీసుకుంటున్నాను.

ఎప్పుడు రాయకూడదు

చర్మం తెగి ఉంటే వద్దు. బొబ్బ చిట్లి పచ్చిగా కనిపించే చోట, చీము పట్టిన చోట గుజ్జు రాయకూడదు. 1991లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పొట్ట మీద శస్త్రచికిత్స తర్వాత తెరుచుకున్న గాయాలు మామూలు చికిత్సతో సగటున 53 రోజుల్లో మానితే, కలబంద జెల్ కూడా వాడినవాళ్లకు 83 రోజులు పట్టింది. ఇంట్లో కోసిన గుజ్జులో క్రిములు ఉండే అవకాశమూ ఉంది. చిట్లని బొబ్బలను గిల్లకుండా వదిలేయాలి.

ఎండలోకి వెళ్లే ముందు వద్దు. కలబంద సన్‌స్క్రీన్ కాదు. అమెరికా ప్రభుత్వ విషపదార్థాల పరిశోధన కార్యక్రమం 2010లో ప్రచురించిన ప్రయోగంలో, కలబంద గుజ్జు కలిపిన క్రీము రాసి కృత్రిమ ఎండ తగిలించిన ఆడ ఎలుకల్లో చర్మపు కంతులు స్వల్పంగా పెరిగాయి. ఎలుకల ఫలితం మనుషులకు అలాగే వర్తిస్తుందని కాదు. అయినా గుజ్జును నీడలో, సాయంత్రం పూట రాసుకుని, బయటికి వెళ్లేముందు కడిగేసుకోవడం తేలికైన జాగ్రత్త.

ఎలర్జీ ఉంటే వద్దు. ఉల్లి, వెల్లుల్లి తాకితే చర్మం పొక్కేవాళ్లు కలబంద విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలి. మొదటిసారి వాడేవాళ్లు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర రాసి ఒక రోజు చూడాలి. ఇది కందకముందు, తీరికగా చేసుకోవాల్సిన పరీక్ష. కళ్ల దగ్గర, పసిపిల్లలకు వైద్యుణ్ణి అడగకుండా రాయకూడదు.

కొంచెం ఎండకే ఒళ్లు మండుతుంటే గుజ్జుతో కప్పిపుచ్చవద్దు. డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్, రక్తపోటుకు వాడే హైడ్రోక్లోరోథయజైడ్ వంటి మాత్రలు కొందరిలో చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి. ఎండ తగిలిన చోటల్లా పదేపదే దద్దుర్లు లేస్తుంటే అది ఎండ ఎలర్జీ కావచ్చు, లూపస్ కూడా కావచ్చు. మాత్రల చీటీతో చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి.

అన్నిటికంటే ముఖ్యం, వడదెబ్బకు ఇది వైద్యం కాదు. ఎండలో తిరిగి వచ్చిన మనిషి తడబడి మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా, ఒళ్లు విపరీతంగా కాలుతున్నా గుజ్జు కోసం వెతకవద్దు. 108కు ఫోన్ చేసి, ఆ లోపు నీడలో ఒంటి మీద నీళ్లు పోస్తూ గాలి తగలనివ్వాలి. చర్మం ఎక్కువ మేర బొబ్బలెక్కినా, జ్వరం, చలి, వాంతులు ఉన్నా, ముఖం వాచినా ఆసుపత్రికే తీసుకెళ్లాలి.

మా అబ్బాయి భుజాలకు బొబ్బలు రాలేదు, జ్వరమూ రాలేదు. కాబట్టి నీళ్లు, గుజ్జు, మజ్జిగ సరిపోయాయి. మూడో రోజుకు నొప్పి తగ్గింది, వారానికి పొర ఊడింది. ఈ వేసవిలో మళ్లీ సముద్రానికి వెళదామన్నాడు. వెళ్లాం. ఈసారి పొడుగు చేతుల చొక్కాతో పొద్దున్నే ఆరింటికి దిగి, తొమ్మిది కాకముందే ఒడ్డెక్కాడు. అమ్మ కుండీలో మట్ట కోయాల్సిన పని పడలేదు.